పండగయ్యాక కమ్యూనిటీ హాలు సామాను తిరిగి ఇవ్వమని ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: "మా అపార్ట్‌మెంటుకి ఈ మధ్యే కార్యదర్శినయ్యాను. 96 ఫ్లాట్లు. శనివారం నిమజ్జనం అయింది. హాల్లో కుర్చీలు, డేగిసాలు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు తక్కువగా కనిపిస్తున్నాయి, నిచ్చెన అసలు లేదు. 21న బతుకమ్మ మొదలు. రిజిస్టరులో సంతకాలు సగానికే ఉన్నాయి. ఎవరికీ కోపం రాకుండా, సామాను మాత్రం వచ్చేలా సభ్యులకి ఉత్తరం ఎలా రాయాలి?"

ఉత్తరం రాయండి గానీ, ముందు హాలు సామాను లెక్క పెట్టించి, టెంట్ హౌస్ అతనికి ఫోన్ చేసి, ఆ తర్వాత రాయండి. ఒక్క పేజీ చాలు. ఏ వస్తువు ఎన్ని రావాలి, ఎక్కడ, ఏ టైముకి, ఎవరి చేతికి ఇవ్వాలి, ఏ తేదీలోపు ఇవ్వాలి, ఆ తేదీ ఎందుకు అన్నవి అందులో ఉండాలి. పాడైనవి కూడా ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటామని ఒక వాక్యం తప్పకుండా రాయండి. పేర్లు, ఫ్లాట్ నంబర్లు, జరిమానా ఊసు ఈ ఉత్తరంలో వద్దు. సంతకం పెట్టి తీసుకెళ్లిన వాళ్లకి మాత్రం ఎవరికి వాళ్లకి విడిగా మెసేజ్ పెట్టండి.

మా కాలనీ సంఘానికి రెండు విడతలు కార్యదర్శిగా చేశాను. చవితి పందిరి విప్పాక ఈ ఉత్తరం ప్రతి ఏడాదీ రాయాల్సిందే. నమూనా కింద ఇస్తాను, దానికి ముందు లెక్క సంగతి చూద్దాం.

హాల్లో తక్కువైనదంతా సభ్యుల ఇళ్లలోనే ఉండదు. చవితికి మన కుర్చీలు చాలక టెంట్ హౌస్ నుంచి ఇంకో వంద తెప్పిస్తాం కదా. అవీ తెల్లవే, మనవీ తెల్లవే. నిమజ్జనం మర్నాడు పొద్దున్నే టెంట్ హౌస్ కుర్రాళ్లు వచ్చి ఆటోలోకి ఎక్కించేటప్పుడు కింద అక్షరాలు చూసి ఏరుకునే ఓపిక వాళ్లకీ ఉండదు, పక్కన నిలబడే ఓపిక మనకీ ఉండదు. వాళ్లు లెక్కకి వంద ఎక్కించుకుని పోతారు. అందులో మనవి పది ఉంటే, వాళ్లవి పది మన హాల్లో మిగిలిపోతాయి. అలా మొత్తం సంఖ్య సరిపోయినా కుర్చీలు మారిపోతాయి. హడావిడిలో వాళ్లు ఓ పది ఎక్కువ ఎక్కించుకున్నా అడిగేవాళ్లుండరు. డేగిసాలు, జల్లి గరిటెలు, నీళ్ల డ్రమ్ములదీ ఇదే కథ. అందుకే కుర్చీలు తిరగేసి కింద రాసిన గుర్తు చూసి లెక్కపెట్టించండి. ఈ పని వాచ్‌మన్ ఒక్కడికే అప్పగిస్తే పైనుంచి వరసలు లెక్కేసి చెప్పేస్తాడు. కార్యవర్గంలో ఒకరు పక్కన ఉండాలి.

తర్వాత టెర్రస్ మీద, సెల్లార్‌లో జనరేటర్ పక్కన, వాచ్‌మన్ గదిలో, లిఫ్ట్ మెషిన్ రూములో ఒకసారి చూడండి. నిచ్చెన అన్నారు కదా, సీరియల్ బల్బులు కట్టినవాడు దాన్ని చివరిగా ఎక్కడ విప్పాడో అక్కడే గోడకి ఆనించి ఉంటుంది. విగ్రహం తీసుకెళ్లిన డీసీఎం డ్రైవర్‌ని కూడా అడగండి. పెద్దవాళ్లు కూర్చోడానికని రెండు కుర్చీలు, కాళ్ల కింద ఒక జంపఖానా బండిలో వేసుకుని వెళ్లడం మామూలే. చెరువు దగ్గరి హడావిడిలో అవి దింపడం ఎవరికీ గుర్తుండదు.

మా దగ్గర ఒక ఏడాది లెక్క చెప్తాను. స్టాకు పుస్తకంలో కుర్చీలు 150 అయితే హాల్లో 127 ఉన్నాయి. అంటే 23 లేవు. రిజిస్టరులో రెండు ఇళ్ల వాళ్లు సంతకం పెట్టి తీసుకున్నవి 10. మిగతా 13 సభ్యులే పట్టుకెళ్లారని కార్యవర్గంలో ఒకాయన అప్పుడే కోపంగా ఉత్తరం రాసి తెచ్చారు. పంపే ముందు వెతికితే టెర్రస్ మీద 4 దొరికాయి, టెంట్ హౌస్ గోడౌన్లో 6 బయటపడ్డాయి. ఒకటి కాలు విరిగి సెల్లార్‌లో ఉంది. చివరికి ఎక్కడున్నాయో తెలియనివి రెండే. ఆ ఉత్తరం వెళ్లి ఉంటే రెండు కుర్చీల కోసం కాలనీ మొత్తాన్ని అనుమానించినట్టయ్యేది.

ఇప్పుడు నమూనా. మీ తేదీలు వేసే రాస్తున్నాను, సంఖ్యలు మాత్రం మీ లెక్క తేలాక మార్చుకోండి.

---

8 సెప్టెంబర్ 2025

సభ్యులందరికీ, అద్దెకుంటున్న కుటుంబాలకీ నమస్కారం.

చవితి ఉత్సవాలు, అన్నదానం, నిమజ్జనం అన్నీ మీ అందరి సాయంతో బాగా జరిగాయి. ఆ పది రోజుల్లో ప్రసాదంతో పాటు, ఇంటికొచ్చిన చుట్టాల కోసం, బాల్కనీ లైట్ల కోసం హాలు సామాను కొంత ఇళ్లకి వెళ్లింది. 21వ తేదీ ఆదివారం నుంచి బతుకమ్మకి ఇవన్నీ మళ్లీ కావాలి. అందుకని 14వ తేదీ ఆదివారంలోపు హాలుకి చేర్చమని మనవి.

ఇంకా రావలసినవి:
తెల్ల కుర్చీలు (సీటు కింద సంఘం పేరు ఎర్ర రంగుతో ఉంటుంది): 12
మూతతో పెద్ద డేగిసా: 1, మధ్య రకం డేగిసా: 1
వడ్డించే స్టీలు బకెట్లు: 4, గరిటెలు: 5
నీలం చారల జంపఖానాలు: 2
ఎక్స్‌టెన్షన్ బాక్సులు (పసుపు వైరు): 3
అల్యూమినియం నిచ్చెన: 1

ఎప్పుడు ఇవ్వొచ్చు: సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి 7 నుంచి 9 వరకు, ఆదివారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1 వరకు. ఆ టైములో హాలు తెరిచే ఉంటుంది, కార్యవర్గ సభ్యులొకరు ఉంటారు. కిందికి తేవడం కష్టమైతే వాచ్‌మన్‌కి చెప్పండి, మీ గుమ్మం దగ్గరికే వచ్చి తీసుకెళ్తాడు.

గిన్నెలు కడగక్కర్లేదు, జంపఖానాలు ఉతకక్కర్లేదు. విరిగినా, మాడినా, పనిచెయ్యకపోయినా అలాగే ఇచ్చెయ్యండి. బాగుచేయించాలా కొత్తది కొనాలా అన్నది మేం చూసుకుంటాం.

మీ ఇంటి సామాను కూడా కొంత హాల్లో ఉండిపోయింది: ఇత్తడి కుందులు ఒక జత, హారతి పళ్లెం, టిఫిన్ డబ్బాలు మూడు, పిల్లల సైకిల్ పంపు ఒకటి. మీవైతే గుర్తు చెప్పి తీసుకెళ్లండి.

ఇప్పటికే తెచ్చిచ్చిన వాళ్లకి ధన్యవాదాలు.

కార్యదర్శి

---

ఇంతే. నమూనాలో కొన్ని మాటలు కావాలని పెట్టినవి, అవి ఎందుకో చెప్తాను.

"ప్రసాదంతో పాటు" అన్నది చూడండి. హాలు గిన్నెలు ఎవరైనా అడిగి, రిజిస్టరులో రాసి, పట్టుకెళ్లడం చాలా తక్కువ. అన్నదానం రోజు మధ్యాహ్నం మూడింటికి పులిహోర సగం డేగిసా మిగిలిపోతుంది. "పిన్నిగారూ, మీ ఫ్లోరుకి పంచేయండి" అని ఎవరో చేతిలో పెడతారు. ఆవిడ పంచుతుంది, ఖాళీ డేగిసా ఆవిడ వంటింట్లోనే ఉండిపోతుంది. ఆవిడ దృష్టిలో ఆవిడ ఏమీ అప్పు తీసుకోలేదు, సంఘానికి ఒక పని చేసిపెట్టింది. అలాంటి ఆవిడకి "అప్పుగా తీసుకున్న వస్తువులు వెంటనే వాపసు చెయ్యవలెను" అని ఉత్తరం వస్తే చదివి, ఇది మనకి కాదులే అని పక్కన పడేస్తుంది. ఆ వస్తువు ఎలా వెళ్లిందో అలాగే రాస్తే తన వంటింట్లోది గుర్తొస్తుంది.

"కడగక్కర్లేదు" అన్న మాట చాలామంది కార్యదర్శులకి నచ్చదు. మర్యాదగా శుభ్రం చేసి ఇవ్వాలి కదా అంటారు. నిజమే. కానీ యాభై మందికి వండే డేగిసా ఫ్లాట్ వంటింటి సింకులో పట్టదు. కుళాయి కిందికి అంచు కూడా దూరదు. బాత్రూములో పెట్టి తోమాలి, పనిమనిషి అదనంగా అడుగుతుంది, అడుగున పాయసం మాడి ఉంటే రెండు రోజులు నానాలి. ఈ లోగా అది బాల్కనీలోకి చేరుతుంది, అందులో ఉల్లిపాయలు పడతాయి. మన దగ్గర ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని పట్టింపు ఒకటి ఉంది, దానివల్ల కూడా ఓ వారం గడుస్తుంది. శుభ్రం చెయ్యాలన్న షరతు తీసేస్తే సగం గిన్నెలు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. హాలు బయటి కుళాయి దగ్గర ఒక మనిషిని పెట్టి అన్నీ ఒకేసారి తోమిస్తే అయ్యే కూలి, తప్పిపోయిన ఒక్క డేగిసా ఖరీదులో ఏ మూలకీ రాదు.

జంపఖానాలదీ అదే. సెప్టెంబర్ వానల్లో తడిసిన జంపఖానాని ఇంట్లో ఆరేసే చోటు ఎవరికీ ఉండదు. తడిగానే మడిచి అటక మీద పెడతారు. దసరాకి తీసేసరికి ముక్క వాసన, నల్ల మచ్చలు. ఆ మచ్చలు ఇక పోవు. తడిది తడిగానే ఇవ్వమనండి. టెర్రస్ మీద పిట్టగోడ అంచున ఒక ఎండ తగిలితే చాలు, మళ్లీ పదేళ్లు వస్తుంది.

హాల్లో మిగిలిన వాళ్ల సామాను జాబితా తప్పకుండా పెట్టండి. చవితి పందిట్లో సగం వస్తువులు ఇళ్ల నుంచి వచ్చినవే. కుందులు, హారతి పళ్లెం, పంచపాత్ర, పీట, పాలవెల్లికి కట్టిన పట్టు చీర కూడా ఉంటుంది ఒక్కోసారి. వాటికోసం జనం ఎలాగూ హాలుకి రావాలి. వచ్చేటప్పుడు చేతిలో మన బకెట్ కూడా పట్టుకొస్తారు. ఉత్తరం రెండు వైపులా లెక్క చెప్తే, సంఘం వసూలుకి దిగిందన్న మాట రాదు. ఒక్క జాగ్రత్త: వెండి వస్తువు ఏదైనా మిగిలితే దాన్ని జాబితాలో రాయకండి. పూజలో కూర్చున్న దంపతుల్ని, పురోహితుణ్ణి ఫోన్లో విచారించి నేరుగా అప్పగించండి.

వస్తువుకి గుర్తు రాయడం కూడా ఊరికే కాదు. "కుర్చీలు" అంటే ఎవరింట్లో కుర్చీలు వాళ్లవే అనుకుంటారు. "సీటు కింద ఎర్ర రంగుతో పేరు" అని చదివినవాళ్లు లేచి ఒకసారి తిరగేసి చూస్తారు. ఎక్స్‌టెన్షన్ బాక్సులకైతే ఇది మరీ అవసరం. ఇంట్లో మూడు బాక్సులుంటే అందులో తమది ఏదో ఎవరికీ తెలియదు, వైరు రంగు చెప్తేనే తేలుతుంది.

గడువు తేదీ విషయం. 14 అని ఎందుకు పెట్టానంటే, 21కి వారం ముందు అది. ఆ వారంలో రానివి కొనాలా అద్దెకి తేవాలా అన్నది మీరు తేల్చుకోవాలి. ఉత్తరంలో కారణం లేకుండా "మూడు రోజుల్లో" అని రాస్తే మూడో రోజు ఏమీ జరగదని అందరికీ తెలుసు. బతుకమ్మ పేరు చెప్తే, ఆడవాళ్లే ఇంట్లో వెతికి పంపిస్తారు. ఇంకో సంగతి. బతుకమ్మకి డేగిసాలతో అంత పని లేదు, సద్దులు ఇళ్ల నుంచే వస్తాయి. కావాల్సింది మైకు సెట్టు, లైట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు, నిచ్చెన, పెద్దవాళ్లకి కుర్చీలు. కాబట్టి గ్రూపులో గుర్తుచేసేటప్పుడు కరెంటు సామాను, నిచ్చెన గురించే అడగండి. అన్నీ ఒకే గొంతుతో అడిగితే గరిటె వస్తుంది, నిచ్చెన రాదు.

ఉత్తరం ఎక్కడెక్కడ పెట్టాలి? వాట్సాప్ గ్రూపు ఒక్కటే చాలదు. అక్కడ ఉత్తరం పడ్డ పది నిమిషాలకి ఎవరిదో పుట్టినరోజు వస్తుంది, నలభై కేకుల కింద అది మునిగిపోతుంది. లిఫ్టులో అతికించండి, నోటీసు బోర్డులో పెట్టండి. ఇళ్లలో ఉండే పెద్దవాళ్లకి లిఫ్టులోదే అందుతుంది. మీ దగ్గర తెలుగు చదవలేని కుటుంబాలుంటే కిందనే హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తువుల జాబితా, తేదీ, టైము మళ్లీ ఇవ్వండి, ఉపోద్ఘాతం అక్కర్లేదు. అద్దెకుండేవాళ్ల పేరు సంబోధనలోనే పెట్టింది కూడా ఇందుకే. "సభ్యులకు" అంటే ఓనర్లకే అనుకుంటారు. నిజానికి పందిరి దగ్గర ఎక్కువ తిరిగేది అద్దెకుండే కుర్రాళ్లే. ఈ నెలాఖరున ఖాళీ చేసేవాళ్లెవరో ముందే కనుక్కుని వాళ్లని మొదట అడగండి. ప్యాకర్స్ వాళ్లు వచ్చి అట్టపెట్టెలు కట్టేశాక ఆ బకెట్ బెంగళూరు వెళ్లిపోతుంది. సామాను బయటికి పంపడానికి మీ దగ్గర గేట్ పాస్ పద్ధతి ఉంటే, దాని మీద "హాలు సామాను బాకీ లేదు" అని ఒక గడి చేర్చండి.

సంతకం పెట్టిన వాళ్లకి పంపే మెసేజ్ ఇంకా చిన్నది: "రావుగారూ నమస్కారం. చవితి రెండో రోజు మీరు రాసి తీసుకున్న 6 కుర్చీలు ఆదివారంలోపు పంపగలరా? కుర్రాణ్ణి ఎన్నింటికి పంపమంటారు?" చివరి వాక్యం చూడండి. పంపుతారా అని అడిగితే "అలాగే" అంటారు, అక్కడితో సరి. ఎన్నింటికి అని అడిగితే ఒక టైము చెప్తారు. పెద్దవయసు వాళ్లైతే మెసేజ్ వద్దు, ఎదురుపడ్డప్పుడు నోటితోనే అడగండి. వాళ్ల కొడుక్కో కోడలికో చెప్పి అడిగించడం మాత్రం చెయ్యకండి, ఇంట్లో అది వేరే గొడవవుతుంది.

ఇక చిక్కు కేసులు మూడు చెప్తాను, ఇవి ప్రతి అపార్ట్‌మెంటులోనూ వస్తాయి.

మొదటిది, పేరు కొట్టించిన గిన్నె. వాళ్లమ్మగారి జ్ఞాపకార్థం ఒకాయన మా హాలుకి రెండు పెద్ద డేగిసాలు, మూతలు ఇచ్చారు. స్టీలు సామాను కొట్లో అంచు మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించారు. కొన్నేళ్లకి వాళ్ల ఫ్లాట్ కొడుకు చేతికొచ్చింది. చవితి అన్నదానం అయ్యాక కోడలు ఆ డేగిసా మీద మామగారి అమ్మ పేరు చూసి, ఇది మనదే, ఇక్కడికెలా వచ్చిందో అనుకుని ఇంటికి తీసుకెళ్లిపోయింది. ఉత్తరం చూసి కూడా పంపలేదు, ఎందుకు పంపుతుంది? స్టాకు పుస్తకంలో ఆ విరాళం రాసిన పేజీ ఫోటో తీసి, "మీ మామగారు ఇచ్చిన డేగిసా, ఆయన సంతకం కూడా ఉంది" అని పంపితే ఆ సాయంత్రమే వచ్చింది, అందులో చక్రపొంగలి కూడా ఉంది. మీ హాల్లో ఇలాంటివి ఉంటే ఉత్తరంలో "దాతల పేర్లున్న గిన్నెలు కూడా హాలువే" అని ఒక మాట కలపండి. ఇకముందు వచ్చే విరాళాలకి దాత పేరు కింద సంఘం పేరు కూడా కొట్టించండి. కొట్టువాడు ఎలాగూ మిషన్ పెట్టాడు, ఇంకో వరస కొడతాడు.

రెండోది, పాడైపోయిన వస్తువు. ఎక్కువగా ఇది కరెంటు సామానుతో వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి హీటర్ పెట్టారు, సాకెట్ కరిగింది. ఇవ్వడానికి సిగ్గు, ఇవ్వకపోవడానికి భయం, అందుకని ఎవరూ నోరెత్తరు. ఉత్తరంలో "అలాగే ఇచ్చెయ్యండి" అని రాశాక ఆ మాట నిలబెట్టుకోవాలి. తెచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టి "ఇది ఎలా అయింది?" అని అడిగితే సాయంత్రానికి ఆ వార్త అన్ని ఫ్లోర్లకీ వెళ్తుంది, ఇక ఏదీ రాదు. తీసుకున్నవాళ్లు పుస్తకంలో "సాకెట్ కాలింది" అని రాసుకుంటే చాలు. కానీ కాలిన బాక్సుని మాత్రం మళ్లీ అరలో పెట్టకండి. వైరు మెత్తబడి ఉంటుంది, తడి నేల మీద పిల్లలు తిరిగే చోట అది ప్రమాదం. ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేరే సంచిలో కట్టి పెట్టండి.

మూడోది, ఇంట్లో ఉందని అందరికీ తెలిసి కూడా ఇవ్వనివాళ్లు. ఒకరో ఇద్దరో ఉంటారు, దాని వెనక వేరే కోపం ఉంటుంది. చందా రసీదు ఇవ్వలేదనో, లడ్డూ వేలంలో మాట పడ్డాననో, పార్కింగు గురించో. అలాంటి చోట ఇంకో ఉత్తరం పనిచెయ్యదు. వాళ్లతో మాట కలిసే కార్యవర్గ సభ్యుడొకరు టీ తాగే వేళకి వెళ్లి, ఆ కోపం సంగతి విని, వస్తూ వస్తూ నిచ్చెన పట్టుకు రావాలి.

జరిమానా, మెయింటెనెన్స్ బిల్లులో కలపడం గురించి ఎవరో ఒకరు మీటింగులో తప్పక అంటారు. కార్యదర్శిగా మీ అంతట మీరు ఆ మాట ఉత్తరంలో రాయకండి. మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్నా, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, సభ్యుల దగ్గర దేనికి వసూలు చెయ్యొచ్చో చూడాల్సింది మీ బైలాలో. అందులో లేనిది బిల్లులో వేస్తే, ఆ ఒక్క పద్దు చూపించి మొత్తం మెయింటెనెన్సే ఆపేసేవాళ్లుంటారు. అప్పుడు డేగిసా కోసం పోరు నీళ్ల మోటారు బిల్లు దాకా వస్తుంది. నిజంగా కావాలంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టండి: పోయినా పాడైనా అదే రకం వస్తువు కొనివ్వాలి, లేదా ఆ రోజు కొట్టు ధర ఇవ్వాలి, పండగకి ముందే అందరికీ తెలియాలి. జరిగిపోయిన పండగకి ఆ తీర్మానం వర్తింపజేయకండి.

వాట్సాప్‌లో "ఫలానా ఫ్లాట్ వాళ్లు ఇంకా ఇవ్వలేదు" అని పెట్టమని కూడా సలహా వస్తుంది. వద్దు. దానికి బదులు రోజూ రాత్రి తొమ్మిదికి, హాలు మూశాక, మిగిలిన సంఖ్య ఒక్క వరసలో పెట్టండి: "ఇంకా రావలసినవి: కుర్చీలు 5, బాక్సు 1, నిచ్చెన." జాబితా రోజురోజుకీ చిన్నదవుతుంటే మిగిలిన వస్తువు ఎవరింట్లో ఉందో వాళ్లకి తెలుస్తుంది, మిగతావాళ్లకి తెలియక్కర్లేదు. మేం ఈ పద్ధతి పెట్టాక చివరి రెండు మూడు వస్తువులు రాత్రిపూట హాలు గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయేవారు. ఎవరు పెట్టారని సీసీ కెమెరాలో వెతకొద్దని వాచ్‌మన్‌కి ముందే చెప్పండి. అతనికి ఆ కుతూహలం ఎక్కువ.

తీసుకునే చోట ఒక పుస్తకం, ఒక పెన్ను ఉండాలి. వస్తువు, సంఖ్య, తీసుకున్నవారి సంతకం, అంతే. తెచ్చినవాళ్ల సంతకం అడగకండి, పనిమనిషి చేతో పిల్లల చేతో పంపుతారు. కానీ రిజిస్టరులో రాసి తీసుకున్నవి వచ్చినప్పుడు మాత్రం ఆ పాత వరస కొట్టేసి, కొట్టేసినట్టు ఫోటో వాళ్లకి పంపండి. "నేను ఆరు ఇచ్చాను, నాలుగే అంటున్నారు" అన్న తగాదా దాంతోనే పోతుంది.

వచ్చే ఏడాదికి చెయ్యాల్సింది పెద్దగా లేదు. సంతకాలు సగమే ఉన్నాయన్నారు, పండగ రద్దీలో అవి పూర్తిగా ఎప్పుడూ ఉండవు, దాని కోసం టెన్షన్ పడకండి. డేగిసాలు, మైకు, నిచ్చెన, బాక్సులు, ఈ నాలుగు రకాలకి మాత్రం సంతకం లేనిదే తాళం తియ్యొద్దని పెట్టుకోండి. కుర్చీలకీ గరిటెలకీ రాయించాలని చూస్తే పుస్తకం దగ్గర క్యూ పెరిగి, అసలు ఎవరూ రాయరు. అన్నదానం రోజు మిగిలిన పదార్థాలు పంచడానికి ఫాయిల్ డబ్బాలో, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలో తెప్పించి పెట్టుకోండి. డేగిసా గడప దాటే అవసరమే రాదు. టెంట్ హౌస్ కుర్చీలు వేరే రంగువి అడగండి, మీ దగ్గర తెల్లవుంటే వాళ్లని ఎర్రవి పంపమనండి. అడిగితే పంపుతారు, మనమే అడగం.

14 తర్వాత కూడా నిచ్చెన రాకపోతే కొనకండి. బతుకమ్మ లైట్లు కట్టే ఎలక్ట్రీషియన్‌ని తనది తెచ్చుకోమనండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మాత్రం రెండు కొత్తవి ముందే కొనేసి, వైరు పొడవునా సంఘం పేరు పర్మనెంట్ మార్కర్‌తో రాయించండి. ఇంతకీ మీ బైలాలో హాలు సామాను గురించి ఏమైనా ఉందా? ఉంటే ఆ పేరా ఇక్కడ పెట్టండి, అద్దెకుండేవాళ్లకి అది వర్తిస్తుందో లేదో చూసి చెప్తాను.